పదిహేను కిలోల లైసెన్సు - పాక దాటిన ప్రమాదం
బాణసంచా తయారీలో నాలుగు కాపుదలలు. ఒక్కటి తప్పినా ఊరికే ముప్పు

మంగినపూడి: కార్తీక పౌర్ణమికి సముద్ర స్నానాలకు వచ్చే జనంతో మన తీరం కళకళలాడుతుంది. దానికి కొద్ది రోజుల ముందు దీపావళికి బందరులోను, గుడివాడలోను, దివిసీమ ఊళ్ళలోను బాణసంచా దుకాణాలు వెలుస్తాయి. దుకాణంలో కొన్న చిచ్చుబుడ్డి ఎక్కడ తయారైనది, ఎలాంటి పాకలో తయారైనది అని ఎవరూ అడగరు. ఏదో ఒక జిల్లాలో ఒక పాక పేలిన రోజున మాత్రం ఆ ప్రశ్న అందరికీ గుర్తుకు వస్తుంది.

2014 అక్టోబర్ 20న, దీపావళికి కొద్ది రోజుల ముందు, తూర్పు గోదావరి జిల్లా యు.కొత్తపల్లి మండలం వాకతిప్పలో బాణసంచా తయారీ కేంద్రం పేలి పది మందికి పైగా మరణించారు. వారిలో ఎక్కువ మంది స్త్రీలు. 2025 ఏప్రిల్ 13న అనకాపల్లి జిల్లా కోటవురట్ల మండలం కైలాసపట్నంలో జరిగిన పేలుడులో ఎనిమిది మంది పోయారు. అదే ఏడాది అక్టోబర్ 8న కోనసీమ జిల్లా రాయవరం మండలంలో మరొక కేంద్రం పేలగా ఆ రోజే ఆరుగురు చనిపోయారు. గాయపడినవారిలో కొందరు ఆ తర్వాత ఆస్పత్రిలో కన్నుమూశారు. మూడూ కోస్తా జిల్లాలే. మన వంటి తేమ గాలి, మన వంటి వరి పొలాలు, మన వంటి కూలి జనమున్న ప్రాంతాలే. కనుక ఈ పని ఎక్కడ తప్పుతుందో మన గ్రామస్థులకు తెలియవలసిన అవసరమున్నది.

'ఏ సమయంలోనైనా' అన్న మాట

బాణసంచా తయారు చేయడానికి 2008 నాటి పేలుడు పదార్థాల నిబంధనల ప్రకారం లైసెన్సు ఉండాలి. ఏ సమయంలోనైనా 15 కిలోలకు మించని మందుతో తయారు చేసే చిన్న కేంద్రానికి జిల్లా కలెక్టరు, అనగా జిల్లా మేజిస్ట్రేటు, లైసెన్సు ఇవ్వవచ్చును. 500 కిలోల వరకు అయితే కేంద్ర ప్రభుత్వపు పేలుడు పదార్థాల కంట్రోలరు ఇవ్వాలి. అంతకు మించితే నాగపూరులోని చీఫ్ కంట్రోలరు వరకు పోవాలి. గ్రామాల్లో కనిపించే చిన్న కేంద్రాలు చాలావరకు ఈ మొదటి తరగతివే.

ఇందులో ముఖ్యమైనది 'ఏ సమయంలోనైనా' అన్న మాట. నెలకు 15 కిలోలు చేసుకోవచ్చునని గాని, రోజుకు ఒక్కొక్క పాకలో 15 కిలోలు ఉంచుకోవచ్చునని గాని దాని అర్థం కాదు. కలిపి పెట్టిన మందు, గొట్టాల్లో నింపుతున్న మందు, ఎండలో ఆరుతున్న సరుకులోని మందు, మొత్తం ఒక్క క్షణంలో తూకం వేస్తే 15 కిలోలు దాటకూడదు. ఈ మాట అర్థం కాకపోవడం వల్లనో, అర్థమై కూడా పక్కన పెట్టడం వల్లనో ప్రమాదాలకు దారి ఏర్పడుతున్నది.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇది ఏ ఒక్క కేంద్రాన్నీ ఉద్దేశించినది కాదు, లెక్క కోసం అనుకున్నది. ఒక్కో టపాకాయలో 3 గ్రాముల మందు పడుతుందనుకుందాం. 15 కిలోలతో 5 వేల కాయలు వస్తాయి. దసరా తర్వాత ఒక వ్యాపారి వచ్చి 50 వేల కాయలకు ఆర్డరు ఇచ్చి బయానా పెట్టి వెళ్ళాడు. దానికి 150 కిలోల మందు కావాలి. నియమం ప్రకారం చేస్తే పది విడతలు కావాలి. ఒక విడత కలిపి, నింపి, మూత వేసి, ఆరబెట్టి, ఆ సరుకును పాక నుంచి పంపించిన తర్వాతే రెండవ విడత మొదలు కావాలి.

ఇబ్బంది ఆరబెట్టే దగ్గర వస్తుంది. ఎండ బాగా కాసిన రోజుల్లో కూడా సరుకు తడి ఆరడానికి రెండు మూడు రోజులు పట్టవచ్చును. అక్టోబరులో వాయుగుండం పట్టిందంటే వారమైనా ఆరదు. ఆరనిది పంపలేరు, కొత్తది ఆపలేరు, పండుగ ఆగదు. కూలీలు ఊరక కూర్చుంటే కూలి పోతుంది. అప్పుడు ఆరబెట్టిన సరుకు అక్కడే ఉండగానే కొత్త మందు కలుపుతారు. మూడు విడతలు పేరుకుంటే 45 కిలోలైపోయింది. ఆరు విడతలైతే 90 కిలోలు. గేటు మీద ఉన్నది మాత్రం 15 కిలోల లైసెన్సే. ఇందుకు ఎవరో దుర్మార్గుడు పూనుకోనక్కరలేదు. పండుగ తేదీ, ఆర్డరు, వాన, ఈ మూడూ కలిస్తే చాలు.

పాకకూ పాకకూ ఎందుకు దూరం

మందు కలిపే పాక, నింపే పాక, ఆరబెట్టే అరుగు, తయారైన సరుకు గోడౌను, ముడి రసాయనాల గది, ఇవన్నీ వేర్వేరుగా, దూరదూరంగా ఉండాలని నిబంధన. ఒక చోట మంట వస్తే అక్కడే ఆగిపోవడం కోసం ఈ ఏర్పాటు చేశారు. ఒక పాకలోని నలుగురికి ప్రమాదం వచ్చినా పక్క పాకలోని నలుగురు పరుగెత్తి బ్రతకాలని దీని ఉద్దేశం.

దూరం సరిపోతుందో లేదో మందు పరిమాణంతోనే తేలుతుంది. పేలుడు దెబ్బ ఎంత దూరం పోతుందనేదానికి ఒక లెక్కున్నది. మందు ఎనిమిది రెట్లు పెరిగితే దెబ్బ పోయే దూరం రెండింతలు అవుతుంది. ఇరవై ఏడు రెట్లు పెరిగితే మూడింతలు అవుతుంది. 15 కిలోలకు పాకకూ పాకకూ పది గజాలు చాలుననుకుందాం. అదే చోట 120 కిలోలు పేరుకుంటే ఇరవై గజాలు కావాలి. 405 కిలోలైతే ముప్పై గజాలు కావాలి. పాకలు మాత్రం కట్టిన చోటనే ఉంటాయి. గత సంవత్సరం సరిపోయిన పది గజాలు ఈ సంవత్సరం సరిపోవు. పాక కదలలేదు, మందు పెరిగినది, అంతే తేడా. కట్టేటప్పుడు అధికారి కొలిచి సంతకం పెట్టిన దూరం, పండుగ వారంలో చెల్లని దూరమైపోతుంది.

రసాయనాలను విడిగా ఉంచడంలోను ఇదే సూత్రం. అగ్గిపెట్టెనే చూడండి. పుల్ల తలకు పొటాషియం క్లోరేటు ఉంటుంది, పెట్టె పక్కన గీసే చోట ఎర్ర భాస్వరం ఉంటుంది. ఆ రెంటినీ ఒక్క ముద్దలో కలిపితే చేతి రాపిడికే పేలుతుంది. విడిగా ఉంచడం వల్లనే అగ్గిపెట్టె జేబులో వేసుకొని తిరుగుతున్నాము. క్లోరేటును గంధకంతో కలిపితే కూడా అటువంటి ప్రమాదమే. అందుకే అలాంటి మిశ్రమంతో పేలుడు పదార్థాలు తయారు చేయడం, ఉంచుకోవడం 1992 జనవరిలో కేంద్ర ప్రభుత్వం నిషేధించినది. ఆ మిశ్రమం తక్కువ ఖర్చుతో పెద్ద చప్పుడు ఇస్తుంది. ఎక్కడైనా దొంగచాటుగా వాడుతుంటే, అది పాకలో ఉన్నవారి ప్రాణం మీద వ్యాపారమే.

చట్టబద్ధమైన మందులోనూ సూరేకారం ఒక గదిలో, గంధకం, అల్యూమినియం పొడి మరో గదిలో ఉండాలి. ఒక్కొక్కదాన్ని విడివిడిగా జల్లించాలి. సూరేకారం జల్లించిన జల్లెడలో అల్యూమినియం పొడి జల్లించకూడదు. గంధకంలో ఇసుక రేణువు, చిన్న రాయి ఉంటే రాపిడికి నిప్పు పుడుతుంది. కనుక ఆ జల్లించడం సరుకు నాణ్యత కోసం కాదు, ప్రాణం కోసం. ఇనుప గరిటె, ఇనుప బకెట్టు, మేకులున్న చెప్పులు పాకలోనికి రాకూడదు.

కనిపించని నిప్పు

చాలా ప్రమాదాల తర్వాత 'ఎవరూ బీడీ కాల్చలేదు, పొయ్యి లేదు, కరెంటు తీగ లేదు, అయినా పేలింది' అన్న మాట వినిపిస్తుంది. ఆ మాట నిజమే కావచ్చును. నిప్పు మనిషి ఒంటి నుంచే రావచ్చును.

చలికాలం ఉదయాన నైలాను చొక్కా విప్పితే చిటపటమన్న చప్పుడు వస్తుంది. ప్లాస్టిక్ కుర్చీలోంచి లేచి ఇనుప తలుపు ముట్టుకుంటే చురుక్కుమంటుంది. ఒంటి మీద చేరిన విద్యుత్తు లోహంలోకి దూకడమే దీనికి కారణం. దీనినే స్థిర విద్యుత్తు అంటారు. మనిషికి ఆ చురుకు తెలిసే సరికే దాదాపు మూడు వేల వోల్టులు పోగై ఉంటుంది. అంతకంటే తక్కువది మనకు తెలియనే తెలియదు. చూర్ణంగా ఉన్న కొన్ని మందులకు ఆ తెలియని రవ్వ చాలు.

సిల్కు, నైలాను, పాలిస్టరు చీరలు కట్టి మందు పాకలో కూర్చుంటే కదిలినప్పుడల్లా ఒంటి మీద విద్యుత్తు పోగవుతుంది. ప్లాస్టిక్ బకెట్టులోంచి పొడి వంపినా పోగవుతుంది. ప్లాస్టిక్ పట్టా మీద గొట్టాలు జరిపినా అంతే. దీనికి మందు ఖరీదైనది కాదు. పాకలో పనిచేసేవారు నూలు బట్టలే కట్టాలి. గుమ్మం దగ్గర భూమిలోకి తీగతో కలిపిన రాగి రేకు ఉండాలి. లోపలికి వెళ్ళే ప్రతివారూ దాన్ని ఒట్టి చేతితో తాకి, ఒంటి విద్యుత్తు నేలలోకి పోనిచ్చి, తర్వాతే మందు దగ్గరికి వెళ్ళాలి. నీళ్ళకని బయటికి వెళ్ళి వచ్చినా మళ్ళీ తాకాలి. మందు పెట్టే లోహపు పాత్రలన్నీ అదేవిధంగా నేలకు కలిపి ఉండాలి.

రాగి రేకు ఉన్నంత మాత్రాన సరిపోదు. ఆ తీగ భూమిలో ఎంత లోతున దిగినది, తెగినదా, చిలుము పట్టినదా అని ఎవరైనా చూడాలి. మన సముద్ర తీరపు ఉప్పు గాలికి ఇంటి కిటికీ ఊచలే రెండేళ్ళలో తినేస్తాయి. భూమిలోని తీగ అతుకు ఆగుతుందా? పైకి రేకు మెరుస్తూ ఉండి, కింద తీగ తెగి ఉంటే, తాకిన వాడికి ధైర్యమే గాని రక్షణ ఉండదు. ఏడాదికొకసారి సీజనుకు ముందు ఎలక్ట్రీషియను చేత పరీక్ష చేయించుకోవాలి.

తేమ కూడా శత్రువే

గాలిలో తేమ ఉంటే స్థిర విద్యుత్తు తగ్గుతుంది. ఆ లెక్కన మన డెల్టాలో భయం లేదని కొందరు అనుకోవచ్చును. కాని తేమ మరో వైపు నుంచి దెబ్బ తీస్తుంది. అల్యూమినియం పొడి, సూరేకారం కలిసిన మందు తడిస్తే ఆ రెండూ లోలోపల పనిచేయడం మొదలు పెడతాయి. మందు తనంతట తానే వేడెక్కుతుంది. అమోనియా ఘాటు వాసన, అనగా యూరియా బస్తా తడిసినప్పుడు కాస్త వచ్చే వాసన వంటిది, వస్తుంది. ఆ వేడి లోపలే ఉండిపోతే, పెద్ద గుట్టగా ఉంటే, మంటగా మారుతుంది. దీన్ని అరికట్టడానికి మందులో కొద్దిగా బోరిక్ ఆమ్లం కలుపుతారు. అయినా అసలు మందు తడవకుండా చూసుకోవడమే మేలు.

రాత్రికి మిగిలిన కలిపిన మందును పాకలో ఉంచకూడదనే నియమం ఇందుకే. ఉదయం ఎంత నింపగలరో అంతే కలపాలి. సాయంత్రానికి అది అయిపోవాలి. వాన వచ్చి ఆరబెట్టిన సరుకు తడిస్తే మళ్ళీ ఎండలో వేసి సరిచేద్దామనుకోవడం తప్పు. గుట్ట వేడిగా తగిలినా, ఘాటు వాసన వచ్చినా చేయవలసినది ఒక్కటే. అందరూ బయటికి వచ్చి, దూరంగా వెళ్ళి, అగ్నిమాపక కేంద్రానికి 101కి చెప్పాలి. నీళ్ళు పోయకూడదు, చెదరగొట్టకూడదు. తడికే వేడెక్కిన మందు మీద నీళ్ళు చల్లితే దానికి ఇంకా బలమిచ్చినట్లే.

పిడుగులు పడే వేళ పని పూర్తిగా ఆపాలి. వైశాఖ మాసపు గాలివానలు, అక్టోబరు ఉరుములు మనకు కొత్త కాదు. మబ్బు పట్టగానే మందు మూతలు వేసి జనం బయటికి రావాలి.

నలుగురికి మించకూడదు

ఒక పాకలో ఒకే సమయంలో నలుగురికి మించి పనిచేయకూడదు. ఇది కూలీల సంఖ్య తగ్గించడానికి పెట్టినది కాదు. పాక పేలితే ఎంతమంది పోతారనేదానికి హద్దు పెట్టడమే. పండుగ వారంలో అదే పాకలో పన్నెండు మంది కూర్చుంటే ఆ హద్దు చెరిగిపోతుంది. పిల్లలను వెంట తెచ్చుకొని గుమ్మం దగ్గర కూర్చోబెట్టడం మరీ ప్రమాదం.

నలుగురు ఉన్నా వారు బయటపడే మార్గం ఉండాలి. పాకకు రెండు గుమ్మాలుండాలి. తలుపులు బయటికి తెరుచుకోవాలి. లోపలికి తెరుచుకునే తలుపు దగ్గర భయపడినవారు తోసుకుంటే అది ఇంకా మూసుకుపోతుంది. పనిచేసే వేళ గడియ వేయకూడదు. ప్రతివారూ కూర్చున్న చోటు నుంచి గుమ్మం వరకు ఏ అడ్డూ ఉండకూడదు. అసలు గుమ్మాన్ని మూసేసేది చాలాసార్లు నింపిన అట్టపెట్టెలే. సరుకు పెరిగిన కొద్దీ పెట్టెలు గోడ వెంట, తర్వాత గుమ్మం వెంట పేరుస్తారు. కింద పడ్డ చూర్ణం అంటుకొంటే మంట నేల మీద పరుగెత్తుతుంది. అప్పుడు ఒక అట్టపెట్టె దాటడానికి పట్టే సమయం కూడా ఉండదు. కనుక నేల గంటగంటకూ తుడిచి శుభ్రంగా ఉంచాలి.

పైకప్పు తేలికగా ఉండాలి. పేలుడు పైకి పోతే గోడలు నిలుస్తాయి. బరువైన స్లాబు వేస్తే పేలుడు పక్కలకు తన్ని గోడలు పడిపోతాయి, స్లాబు మనుషుల మీద పడుతుంది. తాటాకు, రెల్లు పాకలైతే నిప్పు రవ్వకే అంటుకుంటాయి. కనుక కాలనిది, తేలికైనది కావాలి.

పరుగెత్తి వెళ్ళరాదు

2012 సెప్టెంబర్ 5న తమిళనాడులోని శివకాశి దగ్గర ముదలిపట్టిలో జరిగిన ప్రమాదం మన గ్రామస్థులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవలసినది. ముప్పై ఎనిమిది మంది వరకు చనిపోయారు. ఆ కేంద్రం లైసెన్సు ముందు రోజే నిలిపివేసినట్లు అధికారులు అప్పుడు చెప్పారు. ముందు ఒక చోట మంట లేచినది. పక్క ఊళ్ళ వారు సాయానికి గాని, చూడటానికి గాని దగ్గరికి పోయారు. ఆ తర్వాత నిల్వ గదులు పేలాయి. పోయినవారిలో అలా వచ్చిన వారు ఎందరో ఉన్నారు.

వరికుప్ప అంటుకుంటే ఊరంతా బిందెలతో పరుగెత్తడం మన ఆచారం. బాణసంచా కేంద్రం దగ్గర ఆ ఆచారమే ప్రాణాంతకం. మొదటి చప్పుడు విన్న తర్వాత రెండవది వస్తుందనుకోవాలి. దూరంగా ఉండి, దారి ఖాళీ చేసి, 101కి గాని 112కి గాని ఫోను చేయాలి. లోపల ఎంతమంది ఉన్నారో, ఏ పాకలో ఏమున్నదో తెలిసినవారు ఆ వివరాలు ఫైరు సిబ్బందికి చెప్పడమే అసలు సాయం.

దుకాణాల దగ్గర

తాత్కాలిక దుకాణాలకూ నియమాలున్నాయి. దుకాణానికీ దుకాణానికీ మూడు మీటర్ల ఎడం, ఇళ్ళు, బడులు వంటి వాటికి యాభై మీటర్ల ఎడం ఉండాలి. దుకాణాలు ఎదురెదురుగా ఉండకూడదు. షెడ్డు కాలని వస్తువుతో వేయాలి. కిరోసిను దీపాలు, గ్యాసు లైట్లు పెట్టకూడదు. ఒక్క చోట యాభై దుకాణాలకు మించకూడదు. బజారులో నిలబడి అడుగులతో కొలిచినా ఎవరికైనా తెలిసిపోయే నియమాలివి.

చేయవలసినది

తనిఖీలు సాధారణంగా ప్రమాదం జరిగిన మరుసటి వారంలో ముమ్మరంగా జరుగుతాయి. పండుగ ముగిసిన తర్వాత కాగితాలు చూస్తే 15 కిలోల లైసెన్సు 15 కిలోలుగానే కనిపిస్తుంది. మందు పేరుకునేది దసరాకూ దీపావళికీ మధ్య, వాన పట్టిన వారంలో. కనుక రెవెన్యూ, ఫైరు, ఫ్యాక్టరీల శాఖ, పోలీసు అధికారులు కలిసి, ముందు చెప్పకుండా, ఆ మూడు వారాల్లోనే వెళ్ళవలసి ఉన్నది. వెళ్ళినప్పుడు కాగితం కంటే ముందు ఆరబెట్టే అరుగు చూడాలి. అక్కడ ఎన్ని విడతల సరుకున్నదో లెక్కపెడితే లైసెన్సు దాటినదో లేదో అప్పుడే తేలిపోతుంది. తర్వాత పాకలో తలలు లెక్కపెట్టాలి. తర్వాత గుమ్మం తలుపు ఎటు తెరుచుకుంటుందో తోసి చూడాలి.

లైసెన్సు ఇచ్చిన కేంద్రాల పేర్లు, పరిమితి ఎన్ని కిలోలు, పాకకు ఎందరు అన్న వివరాలు పంచాయతీ ఆఫీసు గోడ మీద తెలుగులో అంటించితే ఊరి వారే సగం కాపలా కాయగలరు. సీజను పనికి పొరుగు జిల్లాలకు పోయే కూలీలు కూడా మొదటి రోజున మూడు విషయాలు చూసుకోవాలి. తాము కూర్చునే చోటికి గుమ్మం ఎంత దూరం, ఆ గుమ్మానికి ఏమి అడ్డమున్నది, పక్కన ఆరుతున్న సరుకు ఎన్ని రోజులది. ఈ మూడింటికీ సరైన జవాబు లేని పాకలో కూర్చోవడం కంటే ఆ రోజు కూలి వదులుకొని ఇంటికి రావడమే మేలు.